నిధి 68 20 దగ్గర ఉంది

ఏడో తరగతి పిల్లల్ని "మీ ఇంటికి ఈశాన్యం ఏ మూల?" అని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పేస్తారు. బోరు ఎక్కడ వేయాలి, వంటగది ఎటుండాలి అని పెద్దవాళ్లు వాదించుకోవడం వింటూ పెరిగినవాళ్లు మరి. అదే పిల్లల్ని తరగతి గదిలో గోడకు వేలాడే భారతదేశ పటం ముందు నిలబెట్టి ఉత్తరం ఎటో చూపించమనండి. వేలు పైకప్పు వైపు లేస్తుంది. కశ్మీరు పైన, కన్యాకుమారి కింద ఉన్నప్పుడు ఉత్తరం పైనే ఉండాలి కదా!

ఇంటి దగ్గర తెలిసిన దిక్కులూ, పుస్తకంలో చదివిన దిక్కులూ పిల్లల తలలో రెండు వేరు వేరు అరల్లో ఉండిపోతాయి. పటాన్ని గోడ మీంచి దించి నేల మీద పరిచి, పటంలోని ఉత్తరం నిజంగా ఉత్తరం వైపు తిరిగేలా తిప్పినప్పుడే ఆ రెండూ కలుస్తాయి. స్కేలు, దిక్కులు, నిరూపకాలు అన్న మూడు పాఠాల్నీ బడి ఆవరణలో ఒకే నిధి వేటగా ఆడిస్తే ఎలా ఉంటుందో చూద్దాం. అయితే ఇక్కడ ఒక పేచీ ఉంది. చాలా బళ్లలో నిధి వేట పేరుతో ఆడించేవి పొడుపు కథలు. "దాహం తీర్చే చోట వెతుకు" అనగానే పిల్లలంతా కుళాయి దగ్గరికి పరుగెత్తుతారు. చేతిలో పటం ఉన్నా దాన్ని ఎవరూ విప్పరు. ఆట బాగానే ఉంటుంది, పటం చదవడం మాత్రం రాదు.

పటం కోసం ఆడించే వేటలో కొలిచి వెళితే తప్ప నిధి దొరకకూడదు. ఇంకో షరతు కూడా పెట్టాలి. పొరపాటు చేసిన జట్టు ఎక్కడ తేలుతుందో మాస్టారుకు ముందే తెలిసి ఉండాలి, అక్కడ కూడా ఒక చీటీ ఉండాలి. మొదటి షరతు చాలామందికి తోస్తుంది. రెండోదే ఈ పాఠానికి ప్రాణం.

ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణ ఊహించుకుందాం. తూర్పు పడమరలుగా 80 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 50 మీటర్లు. దక్షిణం గోడ మధ్యలో గేటు. గేటుకు సూటిగా 20 మీటర్ల లోపల జెండా కర్ర. ఉత్తరం గోడ వెంట తరగతి గదులు. వాయవ్యాన ఒక వేప చెట్టు, గేటు నుంచి జెండా కర్రకు వెళ్లే దారి పక్కన ఒక గానుగ చెట్టు. ఈశాన్యం వైపు చేతిపంపు, ఆగ్నేయాన మధ్యాహ్న భోజనం వండే షెడ్డు. గోడలు దిక్కులకు సూటిగానే ఉన్నాయనుకుందాం. మీ బడి గోడలు రోడ్డు వంపును బట్టి ఏటవాలుగా ఉంటే, పటంలో గళ్లను గోడకు సమాంతరంగా గీసి, ఉత్తరం బాణాన్ని మాత్రం వాలుగా వేయండి. నిజం చెప్పాలంటే అలాంటి బడిలో పాఠం ఇంకా బాగా వస్తుంది. ఉత్తరం అంటే కాగితం పై అంచు కాదని ఆ బాణమే చెబుతుంది.

ఈ ఆవరణ ఎ4 కాగితం మీద పట్టాలి. ఒక సెంటీమీటరుకు 5 మీటర్లు అనుకుంటే 80 మీటర్లు 16 సెంటీమీటర్లవుతాయి, 50 మీటర్లు 10 సెంటీమీటర్లవుతాయి. కాగితంలో చక్కగా సరిపోతుంది. 5 మీటర్లంటే 500 సెంటీమీటర్లు కాబట్టి ఈ స్కేలును 1:500 అని రాస్తాం. పటం మీద ఒకటి ఉంటే నేల మీద అలాంటివి ఐదు వందలు ఉన్నట్టు. పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. పటం మీద 6.4 సెంటీమీటర్లు కొలిచి, 500తో గుణించి, 3,200 మీటర్లు అని రాసేస్తారు. "మూడు కిలోమీటర్లు నడవాలా సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే సంతోషించాలి. సెంటీమీటర్లను గుణిస్తే వచ్చేవి సెంటీమీటర్లే, వాటిని మీటర్లలోకి మారిస్తే 32. గోడ దాటిపోయే జవాబు తప్పని గోడే చెబుతుంది. తరగతి గదిలో నోటు పుస్తకం మీద ఇదే లెక్క చేస్తే 3,200 దగ్గర ఎవరికీ అనుమానం రాదు.

ఇదే బడి వేర్వేరు పటాల్లో ఎంతవుతుందో కూడా చెప్పొచ్చు. పాత మద్రాసు రాష్ట్రపు గ్రామ నక్షల్లో మైలుకు 16 అంగుళాల లెక్క ఉండేది, అంటే 1:3,960. దాని మీద మన 80 మీటర్ల ఆవరణ రెండు సెంటీమీటర్లు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు మీద ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంటే ఒక చుక్క. వెనక ఉన్న సంఖ్య పెరిగేకొద్దీ పటంలో వస్తువులు చిన్నవవుతాయి. అందుకే 1:500ని పెద్ద స్కేలు అనీ 1:50,000ను చిన్న స్కేలు అనీ అంటారు. సంఖ్య పెద్దదైతే స్కేలూ పెద్దదనుకోవడం పిల్లలకే కాదు, పెద్దలకూ మామూలే.

కాగితం మీద కొలవడం వచ్చాక నేల మీద కొలవడం రావాలి. ప్రతి జట్టుకూ టేపు ఇవ్వడం కుదరదు, ఇచ్చినా టేపుతో వేట నత్తనడక నడుస్తుంది. అంగలతో కొలవడమే మేలు. పీఈటీ సార్ దగ్గర 30 మీటర్ల టేపు ఉంటుంది. దాన్ని నేల మీద పరిచి, పిల్లల్ని ఒక్కొక్కరినీ మామూలు నడకతో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించి అంగలు లెక్కపెట్టించండి. రెండుసార్లు నడిపించి సగటు తీయాలి, ఎందుకంటే మొదటిసారి అందరూ చూస్తున్నారని పెద్ద పెద్ద అంగలు వేస్తారు. 48 అంగలు పట్టిందనుకుందాం. 30 మీటర్లను 48తో భాగిస్తే ఒక అంగ 62.5 సెంటీమీటర్లు. ఆ అమ్మాయికి 20 మీటర్లంటే 32 అంగలు, 32 మీటర్లంటే 51 అంగలు. ఈ సంఖ్య ఎవరిది వారికే. పొడుగాటి కుర్రాడి అంగల లెక్కను పక్కనున్న పొట్టి పిల్ల వాడుకుంటే ముప్పై మీటర్లకు నాలుగైదు మీటర్లు తేడా వచ్చేస్తుంది.

దిక్కుల దగ్గర మాత్రం కాస్త నిదానించాలి. మన పుస్తకాల్లో రెండు మాటలు స్థిరపడిపోయాయి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. రెండూ పూర్తిగా నిజం కావు. బడులు తెరిచే జూన్ నెలలోనైతే రెండూ తప్పే.

మార్చి, సెప్టెంబరు నెలల్లో 21, 22 తేదీల ప్రాంతంలో మాత్రమే సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. హైదరాబాదు అక్షాంశం దగ్గర జూన్ మూడో వారంలో ఉదయించే చోటు తూర్పు నుంచి ఉత్తరానికి దాదాపు 25 డిగ్రీలు జరిగి ఉంటుంది. డిసెంబరులో అంతే మేర దక్షిణానికి జరుగుతుంది. "మా బడిలో సూర్యుడు పంపు వెనక నుంచి లేస్తాడు, కాబట్టి అదే తూర్పు" అని పిల్లలు జూన్‌లో చెబితే వాళ్లు చూసింది నిజమే, దాని మీద కట్టిన దిక్కులు మాత్రం తప్పుతాయి.

ఇక మధ్యాహ్నపు నీడ. హైదరాబాదుకు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్ట మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరం వైపున ఉంటాడు. నీడ దక్షిణానికి పడుతుంది. తిరుపతి ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ ఈ కాలం ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా సాగుతుంది. అంటే జూన్‌లో జెండా కర్ర నీడ చూసి ఉత్తరం గుర్తుపెట్టిన తరగతి పటాన్ని తలకిందులుగా పట్టుకుంటుంది. ఉత్తర భారతంలోనో, ఇంకా పైనున్న దేశాల్లోనో ఏడాదంతా పనికొచ్చే సూత్రం మన దగ్గర నాలుగో వంతు ఏడాదికి చెల్లదు.

ఏ నెలలోనైనా పనిచేసే పద్ధతి ఒకటి మన పాతవాళ్లకు తెలుసు. కాత్యాయన శుల్బసూత్రంలో శంకువు పేరుతో ఉన్నది అదే. చదునైన చోట మీటరు పొడవున్న కర్రను నిటారుగా పాతాలి. తూకపు దారం పట్టి నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. ఉదయం పదిన్నర ప్రాంతంలో నీడ కొసకు ఒక గుర్తు పెట్టి, కర్ర మొదలు నుంచి ఆ గుర్తు దాకా ఉన్న దూరాన్ని వ్యాసార్ధంగా తీసుకుని తాడుతో వృత్తం గీయాలి. నీడ కుంచించుకుపోయి వృత్తం లోపలికి వెళ్లి, మధ్యాహ్నం దాటాక మళ్లీ పెరిగి, రెండింటి ప్రాంతంలో వృత్తాన్ని ఇంకోచోట తాకుతుంది. అక్కడ రెండో గుర్తు. రెండు గుర్తులనూ కలిపే గీత తూర్పు పడమరల గీత. ఉదయం పెట్టిన గుర్తు పడమర వైపుది. ఆ గీతకు లంబంగా గీసింది ఉత్తర దక్షిణాల గీత. ఇందులో ఎండ ఒక్కటే ఖర్చు, మబ్బు పడితే మాత్రం మర్నాటికి వాయిదా.

ఈ గీత ఒకసారి నేల మీద పడ్డాక దిక్సూచిని దాని పక్కన పెట్టి చూపించండి. తెలుగు రాష్ట్రాల్లో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ మాత్రమే, బడి ఆటకు దాన్ని లెక్క చేయనక్కర్లేదు. లెక్క చేయాల్సింది ఇనుమును. ఇనుప జెండా కర్రకు ఆనించి పట్టుకున్న దిక్సూచి ఏదో ఒకటి చెబుతుంది. మోటారు సైకిలు, ఇనుప బెంచీ, జేబులోని ఫోను కూడా అంతే. నాలుగడుగులు దూరం జరిగి చూడాలి. చూసింది సరైందేనా అని తేల్చుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. మీరు 135 డిగ్రీల వైపు నడిచారనుకోండి, చివరకు చేరాక వెనక్కి తిరిగి బయల్దేరిన చోటును చూస్తే దిక్సూచి 315 చూపించాలి. రెంటికీ మధ్య 180 తేడా రాకపోతే ఏదో ఒక చివర ఇనుము ఉంది, లేదా దిక్సూచి పట్టిన చేయి వంకరగా ఉంది.

నిరూపకాలకు పటం మీద రెండేసి సెంటీమీటర్ల గళ్లు గీయాలి. ఒక గడి అంటే నేల మీద 10 మీటర్లు. నైరుతి మూల సున్నా. దక్షిణం గోడ వెంట తూర్పుకు 0 నుంచి 8 దాకా గీతలకు అంకెలు, పడమటి గోడ వెంట ఉత్తరానికి 0 నుంచి 5 దాకా అంకెలు. ఒక చోటు చెప్పాలంటే ముందు తూర్పుకు ఎంత వెళ్లాలో, తర్వాత ఉత్తరానికి ఎంత వెళ్లాలో చెప్పాలి. వేప చెట్టు తూర్పు అంకెల్లో ఒకటో గీత దాటి గడిలో పదింట రెండు వంతుల దూరంలో ఉంది, కాబట్టి 12. ఉత్తరానికి మూడో గీత దాటి పదింట ఎనిమిది వంతులు, కాబట్టి 38. దాని చిరునామా 12 38. మన గడి పది మీటర్లది కావడం వల్ల ఈ అంకెలు నేరుగా మీటర్లే: పడమటి గోడ నుంచి 12, దక్షిణం గోడ నుంచి 38. జెండా కర్ర 40 20, చేతిపంపు 68 40, గానుగ చెట్టు 38 12.

చివరి చిరునామాను మళ్లీ చూడండి. వేప చెట్టు 12 38, గానుగ చెట్టు 38 12. అంకెలు తారుమారు చేస్తే ఒక చెట్టు దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు ఇంకో చెట్టు దగ్గర తేలతారు. ఆవరణలో అలాంటి జంట దొరికితే వదలకండి, దొరక్కపోతే రెండో చోట ఒక గుంజ పాతండి. పిల్లలకు గుర్తుండటానికి ముందు నేల మీద నడువు, ఆ తర్వాత నిచ్చెన ఎక్కు అని చెబితే చాలు.

అయితే ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలది దీనికి ఎదురు వరస. అక్కడ ముందు ఉత్తరానికి ఎంతో చెప్పే అక్షాంశం వస్తుంది, తర్వాత తూర్పుకు ఎంతో చెప్పే రేఖాంశం. హైదరాబాదు 17.38, 78.48. ఈ రెంటినీ తారుమారు చేసి వెతికితే నార్వేకు ఉత్తరాన, మంచు కప్పిన స్వాల్‌బార్డ్ దీవుల్లో దిగుతాం. వరస తప్పితే ఎంత దూరం పోతామో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన ప్రాంతానికి దొరకదు.

ఫోను ఉండగా ఈ గళ్లెందుకు అని ఎనిమిదో తరగతి వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన అక్షాంశం దగ్గర ఒక సెకను రేఖాంశం దాదాపు 30 మీటర్లు. బడి ఆవరణ మొత్తం మూడు సెకన్లు కూడా లేదు. ఆరుబయట నిలబడినా మామూలు ఫోను చెప్పే చోటుకు ఐదు మీటర్ల దాకా తేడా ఉండొచ్చు, చెట్టు కిందా గోడ పక్కా ఇంకా ఎక్కువ. రెండు మీటర్ల తేడాతో దాచిన చీటీని ఫోను పట్టుకోలేదు. ఇంత చిన్న చోట కాగితం, అంగలు, దిక్సూచి దాని కంటే నిక్కచ్చిగా పనిచేస్తాయి.

ఇక వేట. ముందు రోజు సాయంత్రం మాస్టారు టేపుతో కొలిచి రాళ్లు పెట్టుకోవాలి. ఒకేలా సున్నం పూసిన డజను రాళ్లు చాలు. కొన్నిటి కింద తర్వాతి చీటీ, కొన్నిటి కింద ఒక అక్షరం రాసి "బయల్దేరిన చోటికి తిరిగి వెళ్లి మళ్లీ కొలవండి" అన్న మాట, మిగతావాటి కింద ఏమీ ఉండదు. చివరి రకం రాళ్లు లేకపోతే, రాయి కనబడింది కదా అని కొలత లేకుండా పరుగెత్తేవాళ్లు గెలిచేస్తారు. జట్టుకు నలుగురు: పటం పట్టేవారు, దిక్సూచి చూసేవారు, అంగలు వేసేవారు, లెక్క రాసేవారు. చీటీ మారినప్పుడల్లా పనులు కూడా మారాలి, లేకపోతే తెలివైనవాడొకడు అన్నీ చేసేసి మిగతా ముగ్గురూ వెంట నడుస్తారు. జట్టుకూ జట్టుకూ నాలుగైదు నిమిషాల ఎడం ఇవ్వండి. తరగతి పెద్దదైతే సగం మంది శంకువు దగ్గర నీడ చూస్తుండగా మిగతా సగం వేటకు వెళ్లొచ్చు.

అన్ని జట్లూ జెండా కర్ర దగ్గర, పటాన్ని నేల మీద పరిచి ఉత్తరానికి తిప్పుకుని మొదలుపెడతాయి. మొదటి చీటీలో ఒకే మాట: 12 38 దగ్గరున్న చెట్టు. పటంలో రెండు చెట్లకూ ఒకే గుర్తు వేసి, పేర్లు రాయకుండా వదిలేయాలి. సరిగా చదివినవాళ్లు వేప చెట్టుకు వెళతారు. తారుమారు చేసినవాళ్లు గానుగ చెట్టు కింద రాయి ఎత్తితే "అ" అన్న అక్షరం దొరుకుతుంది.

రెండో చీటీ: చెట్టు మొదలు నుంచి ఆగ్నేయంగా 20 మీటర్లు. దిక్సూచిలో 135 డిగ్రీలు. ఏటవాలుగా 20 మీటర్లు వెళితే తూర్పుకు 14, దక్షిణానికి 14 మీటర్లు జరిగినట్టు. 12కు 14 కలిపితే 26, 38లో 14 తీసేస్తే 24. రాయి 26 24 దగ్గర ఉంది. ఆగ్నేయాన్నీ నైరుతినీ కలగాపులగం చేసినవాళ్లకు పడమటి గోడ అడ్డొస్తుంది, వాళ్ల తప్పు వాళ్లకే తెలుస్తుంది. ఉదయించే సూర్యుణ్ణి చూసి తూర్పు నిర్ణయించుకున్న జట్టుది వేరే దారి. జూన్‌లో వాళ్ల దిక్కులన్నీ 25 డిగ్రీలు తిరిగి ఉంటాయి కాబట్టి వాళ్ల ఆగ్నేయం 110 డిగ్రీలవుతుంది. 20 మీటర్లు నడిచాక వాళ్లు 31 31 దగ్గర ఆగుతారు, అసలు రాయికి ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో. అక్కడ "ఆ" అక్షరం పెట్టాలి. ఇదే ఆట డిసెంబరులో ఆడిస్తే ఆ రాయిని 19 19కి మార్చుకోవాలి, ఎందుకంటే అప్పుడు సూర్యోదయం అటువైపు జరుగుతుంది.

మూడో చీటీ కాస్త కొంటెది. ఇందులో గళ్లు ఉండవు. చిన్న పటం ముక్క, దాని మీద "మీరున్న చోటు" అని ఒక చుక్క, దానికి సూటిగా తూర్పున ఒక ఇంటూ గుర్తు. కింద 1:500 అన్న అంకెలు, వాటి పక్కనే పది మీటర్లకు ఎంత పొడవో చూపే గీత స్కేలు. అసలు పటంలో చుక్కకూ ఇంటూకూ మధ్య 6.4 సెంటీమీటర్లు, అంటే 32 మీటర్లు. కానీ పిల్లలకు ఇచ్చేది జిరాక్సులో 70 శాతానికి తగ్గించిన నకలు. దాని మీద కొలిస్తే నాలుగున్నర సెంటీమీటర్లే వస్తుంది. అంకెల్ని నమ్మి సెంటీమీటరుకు ఐదు మీటర్లు వేసుకున్నవాళ్లు ఇరవై రెండున్నర మీటర్లు నడిచి 49 24 దగ్గర ఆగిపోతారు. అక్కడ "ఇ". గీత స్కేలు మీద కాగితం అంచు పెట్టి కొలిచినవాళ్లకు 32 మీటర్లే వస్తుంది, ఎందుకంటే పటంతో పాటు గీత కూడా అంతే తగ్గింది. అంకెలు తగ్గవు. వాట్సాప్‌లో వచ్చిన పటం తెర మీద వేళ్లతో పెద్దది చేసి చూసేటప్పుడు జరిగేదీ ఇదే. పటాల మీద గీత స్కేలు ఎందుకు వేస్తారో పాఠంలో ఒక వాక్యం ఉంటుంది, ఆ వాక్యం ఎవరికీ గుర్తుండదు. పది మీటర్లు ముందే ఆగిపోయి ఖాళీ చేతులతో వెనక్కి నడిచిన జట్టు మాత్రం మర్చిపోదు. సరిగ్గా వెళ్లినవాళ్లకు 58 24 దగ్గర నాలుగో చీటీ దొరుకుతుంది.

అందులో దూరం లేదు, అంకెలూ లేవు. "జెండా కర్ర సరిగ్గా పడమరన, చేతిపంపు సరిగ్గా ఉత్తరాన కనిపించే చోట తవ్వండి." జెండా కర్ర మనకు పడమరన కనిపించాలంటే మనం దానికి తూర్పున ఉండాలి. ఇక్కడ పిల్లల బుర్ర ఒక్కసారి ఆగుతుంది. సగం మంది జెండా కర్రకు పడమర వైపే నడవబోతారు. పటం మీద పెన్సిలు పెట్టి చూడమనాలి. జెండా కర్ర నుంచి తూర్పుకు ఒక గీత, పంపు నుంచి దక్షిణానికి ఒక గీత. రెండూ 68 20 దగ్గర కలుస్తాయి, అదే నిధి. దిక్కును తిరగేసినవాళ్ల గీతలు ఆవరణలో ఎక్కడా కలవవు, కాబట్టి ఇక్కడ తప్పుడు రాయి అక్కర్లేదు. సముద్రంలో ఓడవాళ్లు దీపస్తంభాలను చూసి తామున్న చోటు తేల్చుకునే పద్ధతి కూడా ఇదే.

ఎంత దగ్గరికి వస్తే దొరికినట్టు? దిక్సూచిలో ఐదు డిగ్రీలు తప్పితే 20 మీటర్ల చివర మీటరు ముప్పావు తేడా వస్తుంది. ఒక అంగ తప్పితే అరవై సెంటీమీటర్లు. ఈ వయసు పిల్లలకు ఈ రెండూ సహజం. అందుకే చీటీలో చెప్పిన చోటుకు రెండు మీటర్ల లోపల ఉన్న రాయిని వెతుక్కోనివ్వాలి. తప్పుడు రాళ్లు అసలు రాయికి కనీసం ఐదారు మీటర్ల దూరంలో ఉంటే, చిన్న తేడాకూ పెద్ద పొరపాటుకూ మధ్య గందరగోళం రాదు. ఆ మాత్రం తేడా ఒప్పుకోకుండా రాయి మీదే కాలు పడాలంటే ఆట ఏడుపుతో ముగుస్తుంది. అసలు పరుగుపందెంలా ఆడించడమే తప్పు. తక్కువ అక్షరాలు తెచ్చిన జట్టే గెలిచినట్టు అని ముందే చెప్పేస్తే పరుగులు తగ్గి కొలతలు పెరుగుతాయి.

ఈ ఆట అయ్యాక టోపోషీటు చేతికిస్తే పిల్లలకు కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. 1:50,000 షీటు మీద కూడా రెండు సెంటీమీటర్ల గళ్లే ఉంటాయి, కాకపోతే ఒక గడి పది మీటర్లు కాదు, ఒక కిలోమీటరు. గీతలకు రెండేసి అంకెలు, దాటిన పదో వంతుకు ఇంకో అంకె. తూర్పుకు మూడు, ఉత్తరానికి మూడు కలిపి ఆరంకెల చిరునామా. అది వంద మీటర్ల దాకా చోటును పట్టిస్తుంది. ముందు తూర్పు, తర్వాత ఉత్తరం అన్న వరస మారదు. మీ ఊరున్న షీటు తెప్పించి, చెరువు కట్ట, గుడి, రైలు గేటు చిరునామాలు చెప్పించండి.

మాస్టార్లకు ఒక మనవి. వేట అయిపోయాక నిధిలో పెట్టిన చాక్లెట్లు పంచేసి తరగతిని వదిలేయకండి, జట్లు తెచ్చిన అక్షరాలను లెక్కపెట్టండి. "అ"లు ఎక్కువగా వస్తే మరుసటి పీరియడు గళ్ల వరసకు, "ఆ"లు వస్తే శంకువుకు, "ఇ"లు వస్తే గీత స్కేలుకు కేటాయించండి. ఏ అక్షరమూ రాని పాఠాన్ని మళ్లీ చెప్పనక్కర్లేదు.